ఆగిపోయిన మెషీన్ షాక్ ఎందుకు కొట్టింది: సత్యనారాయణపురంలో ఒక వాషింగ్ మెషీన్ కేసు

ఆగస్టులో ఒక సాయంత్రం, వాన వెలిసిన కాసేపటికి ఫోన్ వచ్చింది. విజయవాడ సత్యనారాయణపురంలో, బీఆర్‌టీఎస్ రోడ్డుకి రెండు సందుల వెనక ఒక పాత డాబా ఇల్లు. కింద ఇంటివాళ్లు, మేడ మీద అద్దెకున్నవాళ్లు. ఫోన్ చేసింది మేడ మీద ఉండే అబ్బాయి. "అన్నా, అమ్మకి వాషింగ్ మెషీన్ దగ్గర గట్టిగా షాక్ కొట్టింది. కానీ అప్పటికి మెషీన్ ఆగిపోయే ఉంది" అన్నాడు. ముందు ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఈసీజీ తీయించమన్నాను. మెషీన్ ఎవరూ ముట్టుకోవద్దనీ, మేడ మీది మెయిన్ ఆపేయమనీ చెప్పి బయల్దేరాను.

నేను వెళ్లేసరికి వాళ్లు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చారు. ఈసీజీ బాగానే ఉంది. కుడిచెయ్యి మాత్రం మోచేతి దాకా లాగుతోందని చెప్పింది. ఆమె చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే కేసంతా అందులోనే ఉంది. "మెషీన్ తిరుగుతూ తిరుగుతూ టక్కున ఆగిపోయింది బాబూ. ముందు లైట్లన్నీ ఆరిపోయాయి. కరెంటు పోయిందనుకుని తలుపు తీద్దామని పట్టుకున్నా. అంతే, వెనక్కి విసిరేసినట్టయింది. కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి సరిపోయింది." ఆ మాట తర్వాత ఇంకో మాట కలిపింది. "రెండు నెలల కిందట చిన్నగా జిల్లుజిల్లుమనేది. ఎవరో ఎలక్ట్రీషియన్ వచ్చి బాగుచేశాడు. అప్పట్నించీ ఏమీ లేదు."

బాగుచేశాడన్న ఆ పని ఏమిటో తెలుసుకోవాలనిపించింది.

వస్తువులు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు చెబుతాను. మెషీన్ వెనక వరండాలో ఉంది. ముందు తలుపు ఉండే రకం, నీళ్లు వేడి చేసుకునే హీటరు ఉన్నది. వరండాలో ప్లగ్ పాయింట్ లేదు. వంటింట్లో గోడకి ఒక పవర్ ప్లగ్ ఉంది, అంటే 6 ఆంపియర్ల పిన్నూ 16 ఆంపియర్ల పిన్నూ రెండూ పట్టే సాకెట్. అక్కడి నుంచి కిటికీ గుండా ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాక్కొచ్చి, కుళాయి పక్కన నేల మీద ఒక ఇటుక మీద పెట్టారు. మెషీన్ ప్లగ్ ఆ బాక్స్‌లో ఉంది. నీళ్లు తగలకుండా పైన ప్లాస్టిక్ కవరు కప్పారు. ఆ కవరు లోపలి వైపంతా చెమట పట్టినట్టు తడిగా ఉంది.

మొదటి కొలత మెషీన్‌ని కదపకుండానే తీసుకున్నాను. ఎర్త్ మీద అప్పటికి నాకు నమ్మకం లేదు కాబట్టి, మెయిన్ బోర్డు దగ్గరి న్యూట్రల్ నుంచి ఒక పొడవాటి వైరు వరండాకి లాగాను. మల్టీమీటర్ ఒక క్లిప్పు దానికి, రెండో క్లిప్పు మెషీన్ వెనక పలక స్క్రూకి పెట్టి, అందర్నీ దూరంగా నిలబడమని, మెయిన్ వేయించాను. 226 వోల్టులు. మెషీన్ మీద ఒక్క లైటూ లేదు, బాడీ మీద మాత్రం దాదాపు పూర్తి ఫేజు.

తర్వాత టెస్టర్. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఖాళీగా ఉన్న పక్క సాకెట్లో పెట్టి చూస్తే ఫేజు రంధ్రంలో వెలిగింది, న్యూట్రల్ రంధ్రంలో వెలిగింది, ఎర్త్ రంధ్రంలోనూ వెలిగింది. ఫేజు, న్యూట్రల్ రెండు చోట్లా టెస్టర్ వెలిగితే న్యూట్రల్ ఎక్కడో తెగిందని మా పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఫేజు మెషీన్ లోపలి సర్క్యూట్ గుండా తిరిగి అవతలి రంధ్రంలో కనిపిస్తుంది. కానీ ఎర్త్ రంధ్రంలో కూడా వెలిగిందంటే ఆ ఎర్త్ నేల దాకా చేరడం లేదని అర్థం. కరెంటు ఆపి బాక్స్ విప్పాను.

లోపల ఎర్త్ పట్టీ నుంచి న్యూట్రల్ పట్టీకి వేలెడంత ఎర్ర వైరు ముక్క బిగించి ఉంది. జంపరు. ఇక బాక్స్‌లోకి వచ్చే వైరులో ఉన్నవి రెండే తీగలు. సాకెట్ చూడటానికి మూడు రంధ్రాలదే, ఎర్త్ తీగ మాత్రం ఆ బాక్స్‌కి పుట్టుకతోనే లేదు. వైరు రెండో కొసన ఉన్న 6 ఆంపియర్ల ప్లగ్‌టాప్ విప్పితే న్యూట్రల్ పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి మాడిపోయి ఉంది. తీగ నల్లబడి, స్క్రూ కింద నుంచి ఊడి, విడిగా వేలాడుతోంది.

అదీ జరిగింది. జిల్లుమనడం ఆపడానికి రెండు నెలల కిందట ఆ జంపరు వేశారు. న్యూట్రల్ బాగున్నన్నాళ్లు అది బాగానే పనిచేసింది. న్యూట్రల్ ఊడిన క్షణంలో అదే జంపరు ఫేజుని మెషీన్ బాడీకి చేర్చింది. ఫేజు మెషీన్‌లోకి వెళ్లి, లోపలి సర్క్యూట్ గుండా న్యూట్రల్ పట్టీకి వచ్చి, అక్కణ్ణుంచి వెనక్కి పోయే దారి లేక, జంపరు మీదుగా ఎర్త్ పట్టీకి, ఎర్త్ పిన్ను మీదుగా ఇనప పలకకి చేరింది. తిరిగే దారి తెగింది కాబట్టి మెషీన్ ఆగింది. ఆగింది కాబట్టి ఆమె కరెంటు లేదనుకుంది. ఇంతకంటే ప్రమాదకరమైన అమరిక ఇళ్లలో నేను చాలా తక్కువ చూశాను. ఇదే ఫేజూ న్యూట్రలూ తారుమారుగా ఉన్న సాకెట్ అయ్యుంటే, న్యూట్రల్ తెగేదాకా కూడా ఆగేది కాదు. ప్లగ్ పెట్టగానే బాడీ మీద నేరుగా ఫేజు వచ్చేది.

మొదటి జిల్లు ఎక్కడిది

జంపరు వేసినతని మీద కోపం వచ్చింది, నిజమే. కానీ అతను ఎందుకు వేశాడో అర్థం కాకపోతే రేపు ఇంకొకరు ఇంకో ఇంట్లో అదే వేస్తారు.

ఈ కాలపు వాషింగ్ మెషీన్లలో కరెంటు లోపలికి వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. మోటారు కంట్రోల్ నుంచి వచ్చే అలజడి ఇంటి లైనులోకి పోకుండా ఆపడం దాని పని. అందులో ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు బాడీకి చేరుతుంది. ఎర్త్ ఉంటే అది ఎర్త్ తీగలో దిగిపోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే బాడీ గాల్లో వేలాడుతున్నట్టు ఉండి, ఫేజుకీ న్యూట్రల్‌కీ నడిమధ్య, సుమారు 110 వోల్టుల దగ్గర నిలుస్తుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. తడి చేతి వెనక భాగం రాసుకుంటే జిల్లుమంటుంది. ఈ మెషీన్‌ని జంపరు తీసేశాక, సరైన ఫేజూ న్యూట్రలూ ఇచ్చి, ఎర్త్ లేకుండా కొలిస్తే బాడీ మీద 108 వోల్టులు వచ్చింది. కానీ మిల్లీఆంపియర్ మీటరు పెట్టి ఆ కరెంటు ఎంతో చూస్తే 0.4 మిల్లీఆంపియర్లే. మనిషికి తెలియడం మొదలయ్యేది సుమారు అర మిల్లీఆంపియర్ దగ్గర. అంటే మెషీన్ పాడవలేదు. ఎర్త్ లేదని అది ముందే చెప్పింది.

అదే హీటరు కాయిల్ పగిలి నీళ్లలో లీకైతే కథ వేరు. అప్పుడు మిల్లీఆంపియర్లు పదుల్లోకి, వందల్లోకి పోతాయి. వోల్టేజీ ఒక్కటే చూసి ఈ రెంటికీ తేడా చెప్పలేం, కరెంటు కొలవాలి. కరెంటు తీగకీ బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చూపే మెగ్గర్ కూడా పెట్టాను. ఇక్కడ కొందరు పొరబడే విషయం ఒకటుంది. ప్లగ్ పిన్నుల దగ్గర మెగ్గర్ పెడితే హీటరు లెక్కలోకి రాకపోవచ్చు, ఎందుకంటే అది లోపల రిలే వెనక ఉంటుంది, రిలే తెరిచి ఉంటుంది. అందుకని వెనక పలక విప్పి, హీటరు వైర్లు రెండూ పీకి, దాని టెర్మినల్ నుంచి బాడీకి 500 వోల్టుల మెగ్గర్ పెట్టాను. 20 మెగా ఓమ్‌లకి పైనే చూపించింది. మెషీన్ మీద అనుమానం పోయింది.

జంపరు వేయగానే జిల్లు పోవడానికి కారణం ఇదే. న్యూట్రల్ మామూలుగా నేల వోల్టేజీకి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి ఆ 0.4 మిల్లీఆంపియర్ అందులోకి దిగిపోయింది. మా ఊళ్లో కుర్రవాళ్లకి పని నేర్పేటప్పుడు నేను చెప్పే మాట ఒకటుంది: న్యూట్రల్ కూలికెళ్లే తీగ, ఎర్త్ కాపలా తీగ. కూలికెళ్లే తీగ రోజూ కరెంటు మోస్తుంది, వేడెక్కుతుంది, ఏదో ఒక రోజు ఊడుతుంది. అది ఊడిన రోజునే కాపలా కావాలి. రెంటినీ ముడేస్తే ఆ రోజు రెండూ ఒకేసారి పోతాయి.

న్యూట్రల్ ఎందుకు ఊడింది

హీటరు 2000 వాట్లది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, వేడి నీళ్ల వాష్‌లో ఇరవై నిమిషాలు, అరగంట ఆగకుండా. ఆ బాక్స్ ప్లగ్‌టాప్ 6 ఆంపియర్లది. వైరు 0.75 స్క్వేర్, టీవీకీ ఫోన్ చార్జరుకీ సరిపోయేంత. మెషీన్‌తో వచ్చిన ప్లగ్ మాత్రం లావు పిన్నుల 16 ఆంపియర్లది. అంటే బాక్స్ అమ్మినవాళ్లు 6 ఆంపియర్ల ప్లగ్‌టాప్ ఉన్న వైరు కొసకి 16 ఆంపియర్ల పిన్ను పట్టే సాకెట్ పెట్టి ఇచ్చారు. లావు పిన్నుల ప్లగ్ చిన్న పాయింటులో పట్టేలా చేసే కన్వర్టర్ ప్లగ్ పెట్టినా ఇదే జరుగుతుంది. ప్లగ్ సైజులు రెండు రకాలుగా పెట్టిందే పెద్ద లోడు చిన్న పాయింటులోకి పోకుండా ఆపడానికి. కన్వర్టర్ ఆ అడ్డు తీసేస్తుంది.

బాక్స్ ఉన్న కొసన తడి కూడా ఇదే పనికి దిగింది. బాక్స్‌లోని ఇత్తడి పట్టీల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. మామూలు నీళ్లు ఆరిపోతే పెద్దగా ఏమీ మిగలదు. సబ్బు పొడి కలిసిన నీటి తుంపర ఆరిపోయినా ఉప్పులు మిగులుతాయి. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా అవి మళ్లీ తడిసి లోహాన్ని తింటాయి. పైన కప్పిన ప్లాస్టిక్ కవరు తుంపరని ఆపింది కానీ లోపలి ఆవిరిని బయటికి పోనివ్వలేదు. చిలుము పట్టిన చోట కాంటాక్ట్ వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి స్క్రూ కింది తీగ మెత్తబడి ఇంకా వదులవుతుంది. ఇంట్లో ఎవరైనా దీన్ని ముందే పట్టుకోవచ్చు. మెషీన్ వేడి నీళ్ల మీద పావుగంట నడిచాక, స్విచ్ ఆపి, పొడి చేత్తో ప్లగ్ తీసి ముట్టుకుని చూస్తే చాలు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, పిన్ను రంగు మారినా, చేపల వాసన లాంటిది వచ్చినా ఆ పాయింటు మళ్లీ వాడకూడదు. ఈ ఇంట్లో ఆ వాసన వారం రోజులుగా వస్తోందట. కాలవ వాసన అనుకున్నారు.

గోడ పాయింటులో ఎర్త్ ఉందా

ఎక్స్‌టెన్షన్ బాక్స్ పారేసి మెషీన్‌ని నేరుగా గోడ సాకెట్‌కి పెడితే పని అయిపోతుంది కదా అని ఆ అబ్బాయి అడిగాడు. ఆ సాకెట్లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య మీటరు 190 వోల్టులు చూపించింది. చాలామంది ఇక్కడే ఎర్త్ ఉందని తేల్చేస్తారు. మల్టీమీటర్ దాదాపు కరెంటు లాగదు కాబట్టి, తుప్పు పట్టిన తీగ, తడి గోడ గుండా కూడా ఆ మాత్రం వోల్టేజీ చూపిస్తుంది. లోడు పెట్టి చూడాలి. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెడితే, నిప్పుకణికలా ఎర్రగా ఒక క్షణం కనపడి ఆగిపోయింది. ఎర్త్ లేనట్టే.

ఈ బల్బు పరీక్ష ఇంట్లోవాళ్లు చేసేది కాదు, కారణం చెబుతాను. ఎర్త్ తీగ గుంట దగ్గర తెగి ఉంటే, బల్బు గుండా వెళ్లిన ఫేజు ఆ తీగకి తగిలించిన ప్రతి వస్తువు బాడీకీ చేరుతుంది. అందుకే ముందు ఫ్రిజ్, మిక్సీ, గీజర్, ఎర్త్ పిన్ను ఉన్నవన్నీ పీకించాను. బల్బు బాగా వెలిగితే ఎర్త్ మంచిదని కూడా అనుకోకూడదు. ఆ బల్బు అర ఆంపియర్ కూడా లాగదు, 50 ఓమ్‌ల చెత్త ఎర్త్ మీద కూడా అది బాగానే వెలుగుతుంది.

ఎర్త్ గుంట పెరట్లో ఉందనీ, నాలుగేళ్ల కిందట పెరడంతా సిమెంట్ చేయించినప్పుడు దాని మీదా చేయించేశామనీ ఇంటాయన చెప్పారు. ఆయన రిటైరైన మాస్టారు. పగలగొట్టించడానికి మొదట ఒప్పుకోలేదు. "వీళ్లు ఉండేది పదకొండు నెలలు, దానికోసం నా పెరడు తవ్వుతానంటావేంటయ్యా" అన్నారు. "మాస్టారూ, మీ కింది ఇంటి గీజర్, మోటారు కూడా ఇదే గుంట మీద ఉన్నాయి" అని చెప్పాక ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత గునపం ఆయనే తెచ్చి ఇచ్చారు.

పైపుకి తీగ బిగించిన క్లాంపు పూర్తిగా తుప్పయి, చేత్తో ముట్టుకుంటే పొడిలా రాలింది. మట్టి ఎండి పైపు చుట్టూ వేలు దూరేంత సందు ఇచ్చింది. పాతది వదిలేసి పక్కన కొత్తది వేశాం. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్లు, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు, నీళ్లు పోయడానికి పైన గరాటు, చిన్న ఇటుక తొట్టి, తీసి చూసుకునేలా మూత. కరెంటు నేలలోకి దిగడానికి ఎంత అడ్డు ఉందో చూపే ఎర్త్ మెగ్గర్ మీద 4.6 ఓమ్‌లు వచ్చింది.

ఎర్త్ వచ్చింది కాబట్టి, ఎక్కువ కరెంటు పోతే ఎగిరే ఎంసీబీ చాలు కదా అంటే, ఒక చిన్న లెక్క చూడండి. ఫేజు నేరుగా బాడీకి తగిలితే 230ని 4.6తో భాగిస్తే 50 ఆంపియర్లు. ఇళ్లలో పెట్టే సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే ఎగరాలంటే 80 నుంచి 160 దాకా కావాలి. యాభైకి అది వేడెక్కి కొన్ని సెకన్ల తర్వాత ఎగురుతుంది. ఎండాకాలంలో మట్టి ఎండి ఎర్త్ 20 ఓమ్‌లకి పోతే వచ్చేది 11.5 ఆంపియర్లే, అప్పుడు అసలు ఎగరదు, బాడీ మీద ఫేజు అలాగే నిలబడి ఉంటుంది. సొంత గుంట మీద ఆధారపడే ఇళ్లలో, పోయిన కరెంటు అంతా తిరిగి రాకపోతే లైను కట్ చేసే ఆర్‌సీసీబీ తప్పదనేది ఇందుకే. 30 మిల్లీఆంపియర్లది మేడ మీది మెయిన్‌లో పెట్టాను.

వరండాకి మెయిన్ నుంచి విడిగా లైను లాగాను. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ రెండున్నర స్క్వేర్ రాగి, 16 ఆంపియర్ల ఎంసీబీ, 16 ఆంపియర్ల సాకెట్, మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ బాక్స్‌లో. కుళాయికి అవతలి గోడ మీద, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో పెట్టాను. మెషీన్ వైరు నేరుగా సాకెట్‌లోకి పోకుండా, ముందు కిందికి జారి మళ్లీ పైకి లేచేలా వదిలాను. వైరు వెంట జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్ దాకా ఎక్కదు.

ఆ రాత్రి అంతా సర్దుకుని ఇంటికి వెళ్లాను. పొద్దున ఆరింటికే ఫోన్. "అన్నా, గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది. కొత్తది పాడైపోయిందేమో, తీసేయమంటావా?" ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తారు. నేను వెళ్లి గీజర్ ప్లగ్ పీకి, అదే సాకెట్‌లో ఇమ్మర్షన్ హీటర్ లాంటి వేరే లోడు పెట్టి చూశాను. మళ్లీ పడిపోయింది. గీజర్ తప్పు కాదు, పాయింటు తప్పు. సాకెట్ విప్పితే వెనక ఇంకో జంపరు, ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ. పాతది, పెయింట్ కూడా పట్టి ఉంది. ఎర్త్ గుంట చచ్చి ఉన్నన్నాళ్లు అది బయటపడలేదు. ఇప్పుడు నిజమైన ఎర్త్ వచ్చేసరికి న్యూట్రల్ కరెంటులో కొంత జంపరు మీదుగా నేలలోకి దారి మళ్లింది. పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానం కాలేదు, ఆర్‌సీసీబీ చేయాల్సిన పని చేసింది.

ఇలాంటి దొంగ జంపరుని సాకెట్ విప్పకుండానే పసిగట్టొచ్చు. ఆ పాయింటు మీద పెద్ద లోడు నడుస్తుండగా పక్క సాకెట్లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూడండి. వైరులో పడే డ్రాప్ వల్ల ఒకటి రెండు వోల్టులు ఉండటం సహజం. 2000 వాట్లు నడుస్తున్నా ఖచ్చితంగా సున్నా చూపిస్తే, ఆ రెండూ అక్కడెక్కడో ముడిపడి ఉన్నాయి. వరండా పాయింటు దగ్గర మెషీన్ హీటరు మీద ఉండగా 1.8 వచ్చింది.

మే నెలలో అటు వెళ్లినప్పుడు మళ్లీ కొలిచాను. ఎర్త్ 6.9 ఓమ్‌లు. మాస్టారు వారానికోసారి గరాటులో రెండు బక్కెట్ల నీళ్లు పోస్తున్నారట, తులసికోటకి పోసిన చేత్తోనే. మేడ మీద ఆమె నెలకోసారి ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి చూస్తోంది, క్యాలెండర్ మీద ఆ తేదీకి టిక్కు పెట్టి ఉంది. మెషీన్ ఆగితే ఇప్పటికీ ముందు గోడ మీది స్విచ్ ఆపి, చెయ్యి తుడుచుకుని, ప్లగ్ తీశాకే తలుపు పట్టుకుంటోంది.